‘సౌండ్ బాగోలేదు’ అని రాస్తే చాలదు: ప్రార్థన హాలు స్పీకర్ల మీద ఒక టీచరు ఉత్తరం

మా మేనకోడలు విజయనగరం జిల్లాలో ఒక హైస్కూల్లో తెలుగు టీచరు. వాళ్ళ బడిలో కొత్తగా కట్టిన ప్రార్థన హాల్లో మైకుసెట్టు బిగించారు. బిగించిన దగ్గర్నుంచీ గొడవే. సెట్టు అమ్మినాయనకి ఆమె ఒక ఉత్తరం రాసి, పంపే ముందు చూడమని నాకు ఫోన్లో పెట్టింది. నేను చాలాకాలంగా ఈ స్పీకర్ల పనిలో ఉన్నవాణ్ణి. ఉత్తరం ఇంతే:

“అయ్యా, మా హాల్లో మీరు బిగించిన స్పీకర్లలో ఎకో ఎక్కువగా వస్తోంది. మాట ముద్దగా వినిపిస్తోంది. మైకులో ఏం చెబుతున్నారో పిల్లలకు అర్థం కావడం లేదు. వెంటనే వచ్చి సరిచేయగలరు.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఈ ఉత్తరం పంపితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. అమ్మినాయన కుర్రాణ్ణి పంపిస్తాడు. వాడు ఖాళీ హాల్లో నిలబడి “హలో, మైక్ టెస్టింగ్” అంటాడు, వాల్యూమ్ కాస్త పెంచుతాడు, ఇంకో రెండు బాక్సులు వేయిస్తే బాగుంటుందని చెప్పి వెళ్ళిపోతాడు. ఆయన మోసగాడని కాదు. ఆయన వ్యాపారమంతా పెళ్ళి పందిళ్ళు, ఊరి జాతరలు, సిరిమాను రోజుల్లో వీధి చివర్ల దాకా కట్టే మైకులు. ఆరుబయట వదిలిన శబ్దం అలా పోతుంది, తిరిగి వచ్చేది చాలా తక్కువ. అక్కడ వినపడకపోతే వాల్యూమ్ పెంచడం, బాక్సు కలపడం సరైన మందే. నాలుగు గోడల మధ్య అదే మందు జబ్బును పెంచుతుంది.

ఇంకో చిక్కు, ఆమె ఉత్తరంలో మూడు వేర్వేరు జబ్బులు ఒకే మూటలో ఉన్నాయి. మాట రెండోసారి విడిగా వినిపించడం ఒకటి. మాట తోక తెగకుండా సాగి తర్వాతి మాట మీద పడడం రెండోది. మాట పదును పోయి మూసిన తలుపు అవతలి నుంచి వస్తున్నట్టు ఉండడం మూడోది. జనం మొదటి రెండింటినీ కలిపి ఎకో అనేస్తారు. మూడోదాన్ని కూడా ఒక్కోసారి అందులోనే కలిపేస్తారు. వీటికి కారణాలు వేరు, బాధ్యులు కూడా వేరు. కొన్ని అమ్మినాయన సరిచేయాల్సినవి, ఒకటి మాత్రం హాలు కట్టినవాళ్ళది.

“మరి ప్రార్థన, ప్రతిజ్ఞ బాగానే నడుస్తున్నాయి కదా, వార్తలు చదివేటప్పుడే ఎందుకొస్తోంది మావయ్యా?” అని అడిగింది. మంచి ప్రశ్న. ప్రతిజ్ఞ పిల్లలకు కంఠతా వచ్చు. సగం అక్షరాలు చెవిన పడకపోయినా మిగతా సగం బుర్ర నింపేసుకుంటుంది. వార్తలు, పరీక్షల తేదీలు, ఫలానా తరగతివాళ్ళు ఫలానా గదికి వెళ్ళాలనే ప్రకటనలు కొత్త మాటలు. అక్కడ నింపుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే హాలు ఎలా ఉందో ప్రార్థన గీతంతో తేలదు, తెలియని మాటలతోనే తేలుతుంది.

తిరిగొచ్చే మాట

హాలు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు. నున్నగా సిమెంటు పూసిన గోడలు, పైన స్లాబు, కింద టైల్స్. నాలుగు మూలలా నాలుగు బాక్సులు, అన్నీ లోపలికి చూస్తూ ఉన్నాయి.

మన వేడికి గాలిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. వేదికకు 3 మీటర్ల దూరంలో ముందు వరసలో కూర్చున్న పిల్లకి ముందు బాక్సు నుంచి మాట నేరుగా 3 మీటర్లలో చేరుతుంది. అదే మాట 20 మీటర్లు వెళ్ళి వెనక గోడకు కొట్టుకుని, మళ్ళీ 17 మీటర్లు వెనక్కి వచ్చి ఆమెను చేరుతుంది. రెండు దారుల మధ్య తేడా 34 మీటర్లు, అంటే దాదాపు సెకనులో పదో వంతు. మన చెవి సెకనులో ఇరవయ్యో వంతు లోపల వచ్చిన రెండు శబ్దాలను మామూలుగా ఒకటిగా కలిపేసుకుంటుంది. తేడా అంతకు మించి, వెనక వచ్చింది గట్టిగానే ఉంటే, రెండోది విడి మాటగా వినిపిస్తుంది. నిజమైన ఎకో ఇదే. వేదిక మీద మాట్లాడేవాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ ఇబ్బంది, తమ గొంతే తమను ఎక్కిరిస్తున్నట్టు ఉంటుంది.

చివరి వరసలో వెనక గోడకు 2 మీటర్ల ముందు కూర్చున్న పిల్లాడి సంగతి చూడండి. ముందు బాక్సు నుంచి నేరుగా 18 మీటర్లు, గోడకు తగిలి తిరిగొచ్చింది 22 మీటర్లు. తేడా 4 మీటర్లే, అతని చెవికి అది తేడాయే కాదు. అంటే వెనక గోడ ఎకో ముందు కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. కాబట్టి ఉత్తరంలో ‘ఎకో వస్తోంది’ అని రాసేకన్నా ‘ముందు వరసల్లో, వేదిక మీద మాట రెండుసార్లు వినిపిస్తోంది’ అని రాస్తే పని తెలిసినవాడికి వెనక గోడ వెంటనే గుర్తొస్తుంది.

కానీ ఈ హాల్లో వెనక పిల్లలకూ ఒక ఎకో ఉంది, అది మనుషులు చేసినది. తీగలో కరెంటు నాలుగు బాక్సులకూ ఒకేసారి చేరుతుంది. వెనక మూల బాక్సు పక్కనున్న పిల్లాడికి దాని మాట 2 మీటర్లలో వచ్చేస్తుంది, ముందు బాక్సు మాట 18 మీటర్లు నడిచి తీరిగ్గా వస్తుంది. తేడా 16 మీటర్లు, 46 మిల్లీసెకన్లు. చెవి కలుపుకోగల అంచు మీద ఉందన్నమాట. కొందరికి రెండు మాటలుగా, కొందరికి అంచులు చెరిగిన ఒకే మాటగా వినిపిస్తుంది. పైగా కళ్ళ ముందు మాట్లాడే మనిషి, వీపు వెనకనుంచి గొంతు. వెనక బాక్సులు పెట్టాలంటే వాటి మాటను ఆ మేరకు ఆలస్యం చేసే డిలే పరికరం ఉండాలి. అది లేకుండా పెట్టిన వెనక బాక్సులు ఉండడం కన్నా ఊడదీయడమే మేలు.

ఇక్కడే ఒక చిన్న మాట. మన దగ్గర దొరికే చాలా మిక్సర్లలో ఎకో అనే గుండీ ఉంటుంది, పాటలు పాడేవాళ్ళ కోసం పెట్టింది. బడి మైకులో అది ఎప్పుడూ పూర్తిగా సున్నాలో ఉండాలి. చెబితే నవ్వొస్తుంది కానీ, హాలుని, బాక్సుల్ని తిట్టుకునే ముందు చూడాల్సిన మొదటి చోటు అదే.

తెగని తోక

రెండో జబ్బే అసలైనది. దీన్ని ప్రతిధ్వని అనడం కూడా సరికాదు, ఎందుకంటే విడిగా ఏ మాటా తిరిగి రాదు. గోడలు, స్లాబు, టైల్స్ మధ్య శబ్దం వందలసార్లు తగిలి, సన్నగిల్లుతూ కాసేపు హాల్లోనే తిరుగుతుంది. శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి, అంటే దాని శక్తిలో పది లక్షల వంతే మిగలడానికి పట్టే సమయాన్ని ప్రతినాద కాలం అంటారు. దాన్ని కాగితం మీద లెక్కకట్టే పద్ధతిని కనిపెట్టినవాడు అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన వాలెస్ సాబిన్. 1895లో అక్కడి ఒక ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని ఆయనకు పని అప్పగించారు. పక్క థియేటరు కుర్చీల మెత్తలు రాత్రిళ్ళు మోయించి తెచ్చి, ఆర్గాన్ అనే వాయిద్యం గొట్టం ఊది, శబ్దం ఆగేదాకా గడియారంతో కొలిచాడు. మెత్తలు పెరిగే కొద్దీ తోక పొట్టిదైంది. ఆ కొలతల నుంచి తేలిన సూత్రం ఇది:

T = 0.161 × V ÷ A

V హాలు ఘనపరిమాణం, ఘనపు మీటర్లలో. A అంటే హాల్లోని ఉపరితలాలన్నీ కలిసి ఎంత శబ్దాన్ని మింగుతాయో చెప్పే సంఖ్య. శబ్దం పూర్తిగా బయటికి పోయే తెరిచిన కిటికీ ఒక చదరపు మీటరు ఉంటే దాన్ని ఒకటిగా లెక్కేస్తారు.

మన హాలుకి వేసి చూద్దాం. ఘనపరిమాణం 1000. గోడలు, నేల, స్లాబు కలిపి 700 చదరపు మీటర్లు. ఇలాంటి నున్నటి గట్టి తలాలు తమ మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులకు మించి మింగవు, కాబట్టి వాటి వాటా 21. తెరిచిన కిటికీలు, తలుపులు సుమారు 14. మొత్తం 35. దాంతో ప్రతినాద కాలం 4.6 సెకన్లు. ఇది ఖాళీ హాలు లెక్క.

ఇప్పుడు 300 మంది పిల్లల్ని కూర్చోబెట్టండి. బట్టలు, ఒళ్ళు కలిపి ఒక్కో పిల్ల సుమారు 0.3 మింగుతుందనుకుంటే అది 90. మొత్తం 125, సమయం 1.3 సెకన్లకు దిగుతుంది. ఒకే హాలు, అవే స్పీకర్లు, పిల్లలు ఉంటే ఒక రకం, లేకపోతే ఇంకో రకం. ఖాళీ హాల్లో మైక్ టెస్టింగ్ చేసి బాగుందనో బాగోలేదనో తేల్చడం ఎందుకు దండగో ఈ రెండు సంఖ్యలే చెబుతాయి.

మాట మీద దీని దెబ్బ ఏమిటంటే, మామూలుగా మాట్లాడితే సెకనుకు ఐదు అక్షరాలు వస్తాయనుకుందాం. ఒక అక్షరం నుంచి తర్వాతి అక్షరానికి సెకనులో ఐదో వంతు. 4.6 సెకన్ల హాల్లో ఆ కాస్త వ్యవధిలో మొదటి అక్షరం శక్తిలో సగానికి పైగా ఇంకా గాల్లోనే ఉంటుంది. 1.3 సెకన్ల హాల్లో ఎనిమిదో వంతు మిగులుతుంది. మన తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అచ్చులే గట్టిగా పలుకుతాయి, హల్లులు సన్నగా, క్షణంలో అయిపోతాయి. వెనకటి అక్షరంలోని ‘ఆ’ సాగి సాగి, తర్వాత వచ్చే ‘త’నో ‘ప’నో కప్పేస్తుంది. ‘పాలు’ అన్నారా ‘కాలు’ అన్నారా తేలదు, చివర ‘లు’ మాత్రం బాగానే వినిపిస్తుంది. “ఏటన్నారు టీచర్?” అని వెనకనుంచి వచ్చే ప్రశ్న ఇక్కడ పుట్టిందే.

వాల్యూమ్ పెంచితే? బాక్సు నుంచి నేరుగా వచ్చే మాట ఎంత పెరుగుతుందో హాల్లో తిరిగే తోకా అంతే పెరుగుతుంది. రెండింటి నిష్పత్తి కదలదు. బాక్సుకి దగ్గరగా ఉన్నవాడికి నేరు మాట గెలుస్తుంది, దూరం పోయే కొద్దీ నేరు మాట తగ్గుతుంది కానీ తోక హాలంతా దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకచోట రెండూ సమానమవుతాయి. పిల్లలు నిండిన ఈ హాల్లో మామూలు బాక్సుకి ఆ దూరం సుమారు 3.5 మీటర్లు. దానికి మూడు రెట్ల వరకు, అంటే పది మీటర్ల దాకా, మాట పరవాలేదు. చివరి వరస 18 మీటర్లలో ఉంది.

నాలుగు మూలలా నాలుగు పెడితే ఇంకా చెడుతుంది. ఏ పిల్లాడికైనా నేరుగా బాగా అందేది దగ్గరున్న ఒకటో రెండో బాక్సుల మాటే. హాలుని తోకలతో నింపేది మాత్రం నాలుగూ. మధ్య వరసల పిల్లలు అన్నిటికీ దూరమే. మా మేనకోడలు చెప్పింది కూడా అదే, అందరికన్నా తక్కువ అర్థమయ్యేది మధ్యలో కూర్చునే ఎనిమిదో తరగతికని. వాళ్ళు అల్లరివాళ్ళు కాబట్టి వినరని స్టాఫ్ రూంలో అనుకుంటున్నారట!

పదును పోయిన మాట

మూడోది హాలు తప్పు కాకపోవచ్చు. స, శ, చ, త, ప లాంటి హల్లుల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీసే సమాచారం ఎక్కువగా 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్యా, ఆపైనా ఉంటుంది. అచ్చుల బలం దానికి బాగా కింద. పైభాగం ఎక్కడైనా తగ్గితే గొంతు ఎవరిదో తెలుస్తుంది, మాటే తెలియదు.

బాక్సులో పెద్ద స్పీకరుతో పాటు చిన్న ట్వీటర్ ఉంటుంది. ఈ పైభాగాన్ని పలికేది అదే. యాంప్లిఫయర్‌ని తట్టుకోలేనంత గట్టిగా తోలితే ముందు కాలిపోయేదీ అదే. కాలినా బాక్సు మోగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాల్యూమ్ తగ్గించి, బాక్సు దగ్గర చెవి పెట్టి, మైకులో ఒకరిని “స్స్స్” అనమంటే తెలిసిపోతుంది. బతికున్న బాక్సులో ఆ శబ్దం గుచ్చుకుంటుంది, కాలినదాంట్లో ఉఫ్ అని ఊదినట్టు ఉంటుంది.

ట్వీటర్ బాగున్నా, బాక్సు ఎటు చూస్తోందన్నది ఇంకో సంగతి. కింది స్వరాలు అన్ని వైపులా పరుచుకుంటాయి, పై స్వరాలు బాక్సు ముఖం ఎటుంటే అటే పోతాయి. మూడున్నర మీటర్ల ఎత్తున గోడకు తిన్నగా బిగిస్తే పదునంతా పిల్లల తలల మీదుగా వెళ్ళి ఎదుటి గోడకు కొట్టుకుంటుంది. కింద కూర్చున్న పిల్లలకు దక్కేది మిగిలిన డబడబ. ఒకే తప్పుతో మాట ముద్దవుతుంది, ఎకో కూడా పెరుగుతుంది. బాక్సుని ముందుకు వంచి, దాని ముఖం హాలు మధ్యకన్నా కాస్త వెనక కూర్చున్న పిల్లల తలల వైపు ఉండేలా పెట్టడానికి ఒక బ్రాకెట్ చాలు.

ఇక బేస్ గుండీ. మన మైకుసెట్ల వాళ్ళకి బేస్ మీద ఉన్న ప్రేమ అంతా ఇంతా కాదు, గొంతు గంభీరంగా ఉండాలట. పిల్లల బట్టలు పై, మధ్య స్వరాలను మింగినంతగా కింది స్వరాలను మింగవు, కాబట్టి హాలు నిండినా బేస్ తోక పొడుగ్గానే ఉంటుంది. మాటకు పనికొచ్చేది ఆ అడుగున ఏమీ లేదు. మిక్సర్‌లో లో-కట్ అనే స్విచ్ ఉంటే వేసేయాలి, లేకపోతే బేస్ బాగా తగ్గించాలి. మైకుని నోటికి ఆనించి మాట్లాడినా బేస్ ఉబ్బుతుంది, మరీ దూరం పెడితే మైకు హాలు తోకనే తాగి మళ్ళీ బాక్సుల్లోకి పంపుతుంది. బెత్తెడు దూరం సరిగ్గా సరిపోతుంది.

ఎవరి తప్పో తేల్చే పరీక్ష

ఉత్తరం మళ్ళీ రాసే ముందు నేను ఆమెని చేయమన్న పని ఒక్కటే. అదే యాంప్లిఫయరు, అదే మైకు, అవే బాక్సులు, ఒక్కోదాన్నీ బడి మైదానంలోకి తెచ్చి బల్ల మీద పెట్టి మోగించాలి. చుట్టుపక్కల గోడ ఉండకూడదు. బయట కూడా మాట ముద్దగా ఉంటే తప్పు సెట్టుది. బయట శుభ్రంగా ఉండి హాల్లోనే చెడితే తప్పు హాలుదో బిగించిన తీరుదో. దీంతో పాటు హాల్లో మైకు లేకుండా ఒకరు గట్టిగా మాట్లాడి చూడాలి. అప్పుడూ తోక సాగితే స్పీకర్లు మార్చినంత మాత్రాన అది పోదు.

చేశారు. బయట మూడు బాక్సులు చక్కగా పలికాయి, ఒకటి పలకలేదు, దాని ట్వీటర్ కాలిపోయింది. హాల్లో మైకు లేకపోయినా తోక ఉంది.

తర్వాత మాట పరీక్ష. ఆమె తెలుగు టీచరు కాబట్టి దీనికి నా సాయం అక్కర్లేకపోయింది. పాలు, కాలు, చాలు. పాట, బాట, మాట. కల, తల, వల, ఇలా ఒక్క హల్లు తేడాతో ఉండే మాటలు 20 కాగితం మీద కలగాపులగంగా రాసుకుంది. పిల్లలంతా ఉండగా మామూలు వేగంతో మైకులో చదివింది. ముందు, మధ్య, వెనక వరసల్లో కొందరు పిల్లలు విన్నది విన్నట్టు రాశారు. ముందువాళ్ళు దాదాపు అన్నీ, మధ్యవాళ్ళు సగం, వెనకవాళ్ళు సగానికి కాస్త ఎక్కువ సరిగా రాశారు. వాక్యాలతో ఈ పరీక్ష చేయకూడదు, పిల్లలు ఊహించి రాసేస్తారు. ఇలాంటి పరీక్ష అమ్మినాయన కూడా కాదనలేనిది. డెసిబెల్ మీటరు చూపిస్తే ‘నా మీటర్లో ఇంకోలా ఉంది’ అనొచ్చు, పిల్లలు రాసిన కాగితాల్ని అలా అనలేరు.

ఆ తర్వాత రాసిన ఉత్తరం ఇది. పేర్లు తీసేశాను.

“గౌరవనీయులైన ... గారికి, నమస్కారం.

మా పాఠశాల ప్రార్థన హాల్లో మీరు బిగించిన మైకుసెట్టు గురించి రాస్తున్నాను. హాలు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు. సిమెంటు గోడలు, స్లాబు, టైల్స్ నేల. రోజూ సుమారు 300 మంది పిల్లలు కింద కూర్చుంటారు.

మేము గమనించినవి ఇవి. వేదిక మీద, ముందు వరసల్లో మాట రెండోసారి విడిగా వినిపిస్తోంది. వెనక రెండు బాక్సులు ఆపేస్తే వెనక వరసల్లోని గందరగోళం తగ్గుతోంది. మధ్య వరసల్లో హల్లులు తెలియడం లేదు. పిల్లలు రాసిన మాట పరీక్ష కాగితాల నకళ్ళు జతపరిచాను. బాక్సులన్నిటినీ మైదానంలో విడివిడిగా మోగించి చూశాం. వేదికకు ఎడమవైపు బాక్సులో ట్వీటర్ పలకడం లేదు. మిగతావి బయట బాగానే ఉన్నాయి.

హాలు గోడల వల్ల శబ్దం సాగుతోందని మాకు తెలుసు. ఆ బాధ్యత మీ మీద పెట్టడం లేదు. మీ నుంచి కోరేవి: పనిచేయని ట్వీటర్‌ని వారంటీ కింద మార్చడం, వెనక రెండు బాక్సులు తీసేయడం, ముందు బాక్సుల్ని పిల్లల వైపు వంచి బిగించడం. వీలైతే నాలుగు బాక్సుల్నీ వెనక్కి తీసుకుని, వాటి విలువకు సరిపడా రెండు కాలమ్ స్పీకర్లు ఇవ్వగలరా, తేడా ఎంతవుతుందో తెలియజేయండి.

మీరు వచ్చేటప్పుడు దయచేసి ఉదయం ప్రార్థన సమయానికి రండి, సాయంత్రం ఖాళీ హాల్లో చూస్తే తేడా తెలియదు. పని అయ్యాక అదే పద్ధతిలో, కొత్త మాటలతో పరీక్ష పెడతాం. చివరి వరసలో 20కి 16 మాటలైనా సరిగా రాస్తే పని పూర్తయినట్టు సంతకం చేస్తాం.

ఇట్లు,
తెలుగు ఉపాధ్యాయురాలు”

కాలమ్ స్పీకర్లు అడగమన్నది నేనే. నిలువుగా ఒకదాని కింద ఒకటి చిన్న స్పీకర్లు పేర్చిన పొడుగు పెట్టె అది. ఆ పేర్పు వల్ల మాట పక్కలకు పరుచుకుంటుంది కానీ పైకీ కిందకీ పెద్దగా పోదు, స్లాబుకి తగిలేది తగ్గుతుంది. నేరు మాట, తోక సమానమయ్యే దూరం మామూలు బాక్సుకి 3.5 మీటర్లయితే మంచి కాలమ్‌కి 5 దాకా వస్తుంది. దానికి మూడు రెట్లు 15 మీటర్లు. కాలమ్‌ని నిలువుగానే బిగించాలి. అడ్డంగా పడుకోబెట్టి బిగించినవి నేను చూశాను, అప్పుడు అది తన పనికి సరిగ్గా వ్యతిరేకం చేస్తుంది.

అమ్మినాయన ప్రార్థన వేళకే వచ్చాడు. ఉత్తరంలో తన మీద వేయాల్సింది, వేయకూడనిది విడదీసి ఉండడం వల్లనేమో వాదన పెట్టుకోలేదు. మిక్సరు చూసి ఎకో గుండీ పావు వంతు తిప్పి ఉందని ఆయనే కనిపెట్టి సున్నాకి తెచ్చాడు. వెనక బాక్సులు తీసేశాడు. కాలమ్ స్పీకర్లకు కొంత తేడా డబ్బు అడిగాడు, హెడ్మాస్టరు గారు బేరమాడి ఒప్పించారు. తర్వాతి మాట పరీక్షలో మధ్య వరసలు బాగా మెరుగయ్యాయి. చివరి వరస మాత్రం 16కి కాస్త కింద ఆగింది.

అది ఆగాల్సిందే, ఎందుకంటే 18 మీటర్ల దూరానికి 15 మీటర్ల మందు వేశాం. మిగతా మూడు మీటర్లు గోడల్లోంచి రావాలి. ప్రతినాద కాలాన్ని 1.3 నుంచి ఒక సెకనుకి దించితే కాలమ్‌ల దూరం 17 మీటర్ల దగ్గరకు వస్తుంది. దానికి మింగే సంఖ్య 125 నుంచి 161కి పెరగాలి, అంటే ఇంకో 36 కావాలి. పీచుతో చేసిన మందపాటి పలక, వెనక ఖాళీ వదిలి బిగిస్తే, మాట స్వరాలలో చదరపు మీటరుకి 0.7 దాకా మింగుతుంది. సుమారు 50 చదరపు మీటర్లు పడుతుంది. వెనక గోడ మొత్తం అంతే. ఎకో పుట్టేది కూడా ఆ గోడ దగ్గరే కాబట్టి పలకలకు అంతకన్నా మంచి చోటు లేదు. పిల్లల చేతికి అందే ఒకటిన్నర మీటరు వదిలేసి పైన వేసి, తక్కువైన భాగాన్ని పక్క గోడల వెనక భాగంలో వేయొచ్చు.

ఇక్కడ డబ్బు తగలేసే దారులు చాలా ఉన్నాయి. థర్మోకోల్ షీట్లు అతికిస్తే గోడ తెల్లగా కనిపిస్తుంది, అంతే. దాని గింజలు మూసుకుని ఉంటాయి కాబట్టి గాలి లోపలికి పోదు, శబ్దమూ పోదు. కోడిగుడ్ల అట్టలు పైపై స్వరాలను కాస్త తాకుతాయి, అచ్చుల తోకని ముట్టుకోవు. పల్చటి గుడ్డ గోడకు అతికించినా అంతే. శబ్దంతో పాటు కదిలే గాలి గోడ దగ్గర ఆగిపోయి ఉంటుంది, గోడ నుంచి దూరం జరిగే కొద్దీ దాని కదలిక పెరుగుతుంది. అందుకే వెనక ఖాళీ ముఖ్యం. 1000 హెర్ట్జ్‌కి ఆ కదలిక అన్నిటికన్నా ఎక్కువుండేది గోడకు సుమారు 9 సెంటీమీటర్ల దూరంలో.

ఉద్దానం వైపు కొబ్బరి పీచు చాపలకు కొదవలేదు. 5 సెంటీమీటర్ల మందం వచ్చేలా పొరలు వేసి, చెక్క చట్రానికి బిగించి, గోడకు 5 సెంటీమీటర్లు ఎడంగా నిలబెడితే సరిపోతుంది. ముఖానికి నేత సందులు కనబడే గోనె గుడ్డ కప్పొచ్చు, రంగు మాత్రం వేయకూడదు, సందులు పూడిపోతాయి. పీచు త్వరగా అంటుకుంటుంది కనుక స్విచ్ బోర్డులకూ వైర్లకూ దూరంగా పెట్టాలి, బిగించే ముందు మంటని ఆపే మందు పట్టించాలి.

దీనికి డబ్బు పాఠశాల కమిటీలో అడగాలి. అడిగే ముందు, షామియానా కొట్టు నుంచి మందపాటి జంపఖానాలు ఒక్కరోజుకి అద్దెకు తెచ్చి, వెనక గోడకు జానెడు ముందు తాడు కట్టి మడతలుగా వేలాడదీసి, మళ్ళీ ఆ 20 మాటలు చదివి చూడమన్నాను. చివరి వరస కాగితాలు మెరుగైతే వాటినే కమిటీ ముందు పెట్టొచ్చు.